మూడు నిమిషాలు మాట్లాడమన్నారు

ప్రొడక్షన్‌లో సర్వర్ పడిపోయిన రాత్రి కూడా నా చేతులు అంత వణకలేదు. 2025 మార్చి 31, సోమవారం, రాత్రి ఏడుంబావు. మా అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద యాభై మందికి పైగా జనం. నా చేతిలో మైకు, జేబులో మడతపెట్టిన ఒక కాగితం. మా ఇంటి రంజాన్ పండక్కి మొత్తం అపార్ట్‌మెంట్‌ని పిలవడం అదే మొదటిసారి. "పిలిచింది నువ్వే కదా, రెండు ముక్కలు మాట్లాడు. మూడు నిమిషాలు చాలు" అన్నారు సెక్రటరీ అంకుల్.

ఆ మూడు నిమిషాల మాట రాయడానికి నాకు మూడు వారాలు పట్టింది. ఎందుకు పట్టిందో చెబుతాను.

మాది కడప. దూదేకుల కుటుంబం. ఇంట్లో మాట్లాడేది తెలుగే. నాయన ఆర్టీసీలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాక అమ్మతో కలిసి హైదరాబాద్‌లో నా దగ్గరికి వచ్చేశారు. మా అపార్ట్‌మెంట్‌లో ఐదంతస్తులు, నలభై ఫ్లాట్లు. మాది 304. ముస్లిం కుటుంబం మాదొక్కటే.

నాలుగేళ్ళుగా ఉంటున్నాం, ఏ గొడవా లేదు. అయితే 2024 రంజాన్ నెలలో ఒక చిన్న విషయం జరిగింది. సహరీకి అమ్మ తెల్లవారుజామున నాలుగింటికి లేచి అన్నం వండేది. కుక్కర్ మూడు విజిల్స్. మా కింద 204లో ఒక రిటైర్డ్ మాస్టారు, ఆయన భార్య ఉంటారు. ఒకరోజు అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మాస్టారు మెసేజ్ పెట్టారు. కొందరి వల్ల తెల్లవారుజామున నిద్ర పాడవుతోందని.

ఆయన రాసింది అబద్ధం కాదు. నిద్ర పాడవుతోంది, నిజమే. కానీ 'కొందరు' అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. నలభై ఫ్లాట్లలో ఆ కొందరు ఎవరో అందరికీ తెలుసు. తలుపు కొట్టి చెబితే సరిపోయేది కదా అనిపించింది. నేను గ్రూపులో ఏమీ రాయలేదు. అమ్మ మర్నాటి నుంచి రాత్రే వండి హాట్‌బాక్స్‌లో పెట్టడం మొదలుపెట్టింది. విజిల్స్ ఆగిపోయాయి. దాంతోపాటు లిఫ్టులో మాస్టారికీ నాకూ మధ్య నమస్కారాలు కూడా ఆగిపోయాయి. సంవత్సరం గడిచింది.

2025లో అందరినీ పిలుద్దామన్నది నాయన. "ఊర్లో పండగంటే మన గడపలో చెప్పులు పెట్టే జాగా ఉండేది కాదు. ఈడ మనం నలుగురమే కూర్చుని తింటాండం. అది పండగేనా?" అన్నాడు. సరే అన్నాను. సరే అన్న తర్వాత అసలు పని మొదలైంది.

మొదటి చిక్కు తేదీ. రంజాన్ నెల మన దగ్గర మార్చి 2న మొదలైంది. నెలవంక కనిపిస్తే 29 రోజాలు, కనిపించకపోతే 30. అంటే పండగ సోమవారం కావచ్చు, మంగళవారం కావచ్చు. ఆదివారం సాయంత్రం దాకా ఖాయంగా చెప్పలేం. సాఫ్ట్‌వేర్ వాళ్ళకి డెడ్‌లైన్ జరగడం అలవాటే కానీ టెర్రస్ బుకింగ్ రిజిస్టర్‌లో "చంద్రుడు కనిపిస్తే" అని రాయడం సెక్రటరీ అంకుల్‌కి కొత్త. చివరికి రెండు రోజులూ రాయించాను.

రెండో చిక్కు తిండి. నేను ముందు మటన్ బిర్యానీ ఒక్కటే అనుకున్నాను. పిలవడానికి గడప గడపకీ వెళ్ళినప్పుడు గానీ అసలు సంగతి తెలియలేదు. పండగ సోమవారం పడితే చాలామంది నీచు ముట్టరు. ఆదివారం ఉగాది కాబట్టి వసంత నవరాత్రులు మొదలు. ఐదో అంతస్తులో ఉన్న యూపీ కుటుంబం ఆ రోజుల్లో అసలు ధాన్యమే తినదు. 302 అక్క వాళ్ళు క్రైస్తవులు. ఆ ఏడాది ఈస్టర్ ఏప్రిల్ 20న, కాబట్టి వాళ్ళకి శ్రమ దినాలు నడుస్తున్నాయి. ఆ నలభై రోజులూ ఆ ఇంట్లో మాంసం వండరు. మంగళవారమైతే ఆంజనేయస్వామి భక్తులు ఇంకో నలుగురు. బిర్యానీకి ఇంత గడ్డుకాలం ఎప్పుడూ వచ్చి ఉండదు!

అందుకని లెక్క తిరగేశాం. అందరికీ సాగేది షీర్ ఖుర్మా, బగారా అన్నం, మాంసం వేయకుండా సొరకాయతో దాల్చా. బిర్యానీ చిన్న దేగిశా ఒక్కటే, వేరే బల్ల మీద. సేమియా గోధుమది కాబట్టి యూపీ వాళ్ళకోసం సేమియా వేయకముందే పాలు, ఖర్జూరం, బాదం, సారపప్పు వేరే గిన్నెలోకి తీసి పెట్టాలని అమ్మ చెప్పింది. అరవై మందికి పన్నెండు లీటర్ల పాలు, కిలో సేమియా. ఖర్జూరం మరుగుతున్న పాలలో వేస్తే ఒక్కోసారి పాలు విరిగిపోతాయి. అందుకే నేతిలో వేయించి, పొయ్యి మీంచి దించాక కలుపుతారు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నా ఉపన్యాసంలో చివరికి మిగిలింది ఇలాంటి సంగతులే.

మొదటి డ్రాఫ్ట్‌లో ఇవేమీ లేవు. ఆ డ్రాఫ్ట్ చదవడానికి పదకొండు నిమిషాలు పట్టింది. "మన హిందూ సోదర సోదరీమణులకు, క్రైస్తవ సోదర సోదరీమణులకు స్వాగతం" అని మొదలు. తర్వాత ఇస్లాం అంటే ఏమిటి, ఐదు మూలస్తంభాలు ఏమిటి, రోజా ఎందుకు, జకాత్ ఎంత శాతం. ఆ తర్వాత మన దేశం, మన సంస్కృతి, మేము కూడా ఇక్కడి వాళ్ళమే, మేము కూడా తెలుగు వాళ్ళమే.

302 అక్క టీచర్. ఆమెకి చదివి వినిపించాను. మొదటి వాక్యం దగ్గరే ఆపింది.

"ఒక ఫంక్షన్‌లో ఇలాగే 'క్రైస్తవ సోదరీమణులకు' అన్నార్రా. హాల్లో ఉన్నది నేనొక్కదాన్నే. అందరూ తిరిగి నన్ను చూశారు. స్వాగతం చెప్పినట్టు లేదు, జనాభా లెక్కలు రాసుకున్నట్టు ఉంది. నేను మీ ఇంటికి వచ్చేది 302 నుంచి. చర్చి నుంచి కాదు" అంది.

ఇంటికొచ్చి ఆ ఫైల్లో 'కూడా' అని వెతికాను. పద్నాలుగు చోట్ల దొరికింది. మేము కూడా, మాకు కూడా, మాలో కూడా. కోడ్‌లో ఒకే లైన్ పద్నాలుగు సార్లు కాపీ అయితే డిజైన్‌లో ఏదో తప్పున్నట్టే. ఇక్కడి తప్పేమిటో కాసేపటికి అర్థమైంది. పండక్కి పిలిచిన వాళ్ళ ముందు నేను ఇంటర్వ్యూ ఇస్తున్నాను. వాళ్ళు జడ్జీలు, నేను సర్టిఫికెట్ కోసం వచ్చిన వాణ్ణి. షీర్ ఖుర్మా తాగడానికి వచ్చిన మనిషిని జడ్జి సీట్లో కూర్చోబెడితే వాళ్ళకీ ఇబ్బందే. బయటకి చెప్పరంతే.

రెండో డ్రాఫ్ట్ ఇంకా తెలివిగా రాశాననుకున్నాను. మా ఊరి కథ పెట్టాను. దేవుని కడపలో లక్ష్మీ వేంకటేశ్వరస్వామి గుడి ఉంది. ఉగాది రోజు కడప ముస్లింలు చాలామంది ఆ గుడికి వెళ్తారు. బీబీ నాంచారమ్మ తమ ఆడబిడ్డ కాబట్టి వేంకటేశ్వరుడు తమ ఇంటి అల్లుడని నమ్మకం. కొత్త సంవత్సరం రోజున అల్లుణ్ణి చూసి రావడం. చిన్నప్పుడు మా జేజి చెయ్యి పట్టుకుని నేనూ ఆ లైన్లో నిలబడ్డాను. ఈ కథ చెబితే టెర్రస్ మొత్తం చప్పట్లు కొడుతుందని నాకు గ్యారంటీ.

రంజాన్ నెలకి జేజి కడప నుంచి మా దగ్గరికి వచ్చి ఉంది. ఆమెకి వినిపించాను. వక్కాకు నములుతూ మొత్తం వినింది.

"ఇది యాలరా ఆడ చెప్పేది?"

"బాగుంటుంది కదా జేజీ. మనమెంత కలిసిపోయి ఉంటామో తెలుస్తుంది."

"నేను గుడికి పోయేది నా మనసుకి పోతా. మీ చిన్నాయన పోడు, వద్దంటాడు. ఆ యప్ప ఇష్టం ఆ యప్పది. ఇద్దరం ఒక ఇంట్లోనే తింటాం. నువ్వు పోయి నేను గుడికి పోతానని చెప్పి పేరు తెచ్చుకుంటే, పోని మీ చిన్నాయన చెడ్డోడైపోతాడు గదరా. ఇంటికొచ్చినోళ్ళకి ముందు కాళ్ళకి నీళ్ళియ్యి. కథలు తర్వాత."

నా దగ్గర జవాబు లేదు. ఆ కథ నిజమే, అందులో ఒక్క అబద్ధం లేదు. కానీ దాన్ని నేను వాడబోయింది నిజం కోసం కాదు, మార్కుల కోసం. 'మంచి ముస్లిం' కోటాలో నా పేరు రాయించుకోవడానికి. ఆ కోటాలో నేను చేరితే, గుడికి వెళ్ళని మా చిన్నాయన దానంతటదే రెండో జాబితాలో పడతాడు. రెండో డ్రాఫ్ట్ కూడా తీసేశాను.

మార్చి 30 ఆదివారం ఉగాది వచ్చింది. పొద్దున్నే 302 అక్కకి కూడా, మాకు కూడా గిన్నెలతో ఉగాది పచ్చడి వచ్చింది. మేం ఉపవాసంలో ఉన్నాం కాబట్టి మూత పెట్టి ఇఫ్తార్ దాకా దాచాం. సాయంత్రం నెలవంక కోసం నేనూ నాయనా టెర్రస్ ఎక్కితే, అప్పటికే అక్కడ పదిహేను మంది ఉన్నారు. "చంద్రుడు కనిపిస్తేనే రేపు భోజనం అన్నావు కదా, చూద్దామని వచ్చాం" అన్నాడు నాలుగో అంతస్తు తమ్ముడు.

అక్కడ ఒక ప్రశ్న వచ్చింది. "దుబాయ్‌లో మా అబ్బాయి వాళ్ళకి ఈరోజే పండగంట. మీకు రేపెందుకు?" అని 501 ఆంటీ అడిగారు. అక్కడి వాళ్ళు ముందురోజు రాత్రే నెల ముగిసిందని ప్రకటించుకున్నారని, ఇక్కడ మన ఆకాశంలో చూసుకుని మన వాళ్ళు చెబుతారని నాయన చెప్పాడు.

నాకు అప్పుడే వెలిగింది. ఉగాది, ఈద్ పక్కపక్కన రావడం ఏదో కాకతాళీయం అనుకుంటూ వచ్చాను. కాదు. రెండూ ఒకే అమావాస్య నుంచి పుట్టిన పండగలు. మార్చి 29 శనివారం సాయంత్రం నాలుగున్నరకి అమావాస్య ఘడియ దాటింది. ఆ తర్వాతి సూర్యోదయానికి పాడ్యమి ఉంది కాబట్టి ఆదివారం ఉగాది. మాకు నెల సూర్యోదయంతో మొదలవదు, నెలవంక కంటికి కనిపించిన సూర్యాస్తమయంతో మొదలవుతుంది. శనివారం సాయంత్రానికి చంద్రుడి వయసు రెండు గంటలే, కంటికి కనిపించే అవకాశమే లేదు. ఆదివారం సాయంత్రానికి ఇరవయ్యారు గంటలు. అప్పటికి పంచాంగం ప్రకారం విదియ కూడా వచ్చేసింది. అంటే మేమందరం ఎదురుచూస్తున్నది విదియ చంద్రుడి కోసం.

సూర్యుడు మునిగిన కాసేపటికి పడమటి వైపు వాటర్ ట్యాంక్ పక్కన సన్నటి గీత కనిపించింది. గోరు కత్తిరించి పడేసినట్టు. ముందు చూసింది ఆ నాలుగో అంతస్తు తమ్ముడే. "అన్నా, అదిగో! రేపే భోజనం!" అని అరిచాడు. అందరూ నవ్వారు. నాయన చేతులెత్తి దువా చేసుకున్నాడు. పక్కనే 501 ఆంటీ చంద్రుడికి దండం పెట్టుకున్నారు. ఎవరూ ఎవరికీ ఏమీ వివరించలేదు.

ఆ రాత్రి కూర్చుని మూడో డ్రాఫ్ట్ రాశాను. ఈసారి నన్ను నేను ఒకటే అడిగాను. రేపు మెట్లెక్కి పైకొచ్చే మనిషికి ఏం తెలియాలి? ఏం తినొచ్చో, ఏ గరిటె దేనిలోదో తెలియాలి. ఈ పండగ ఏమిటో ఒక్క ముక్కలో తెలియాలి. ఏం అడగొచ్చో తెలియాలి. ఎప్పుడు వెళ్ళిపోయినా ఎవరూ ఏమీ అనుకోరని తెలియాలి. ఇంతకు మించి అక్కర్లేదు.

ఒక్క విషయం మాత్రం తేల్చుకోలేకపోయాను. కుక్కర్. చెప్పాలా, వద్దా? చెప్పకపోతే 204 వాళ్ళకి నేను పలికే స్వాగతం ఉత్తిదే అవుతుంది. చెబితే గొడవ మళ్ళీ బయటకి తీసినట్టు. అమ్మని అడిగాను. "ఆయన మాట ఎత్తొద్దు. ఫ్లాట్ నంబర్ కూడా చెప్పొద్దు. మన కుక్కర్ అరిచిందని చెప్పు చాలు. అరిచింది నిజమే కదా" అంది.

సోమవారం పొద్దున ఈద్ నమాజు, బంధువుల ఇళ్ళు, సాయంత్రం వంటలు. మగ్రిబ్ నమాజు చదువుకుని ఏడింటికల్లా టెర్రస్ మీద ఉన్నాం. ఇషా నమాజుకి ఇంకా టైముంది కాబట్టి తొందర లేదు. జనం సర్దుకున్నాక, తిండికి ముందే మాట్లాడాలనుకున్నాను. ఆకలితో ఉన్న వాళ్ళ ముందు ఎవరైనా మూడు నిమిషాలకు మించి మాట్లాడలేరు. అదే మంచి టైమర్.

నేను చదివింది ఇది:

"అందరికీ నమస్కారం. నిన్న ఉగాది చేసుకుని, ఇవాళ మళ్ళీ ఓపిక చేసుకుని మెట్లెక్కి వచ్చారు. లిఫ్టు టెర్రస్ దాకా రాదు కాబట్టి ఆ కష్టం నాకు తెలుసు. ఒకటో అంతస్తు నుంచి ఐదో అంతస్తు దాకా అందరికీ మా ఇంటి తరఫున స్వాగతం. వాచ్‌మన్ అన్న కుటుంబానికి కూడా.

ఇవాళ మా రంజాన్ పండగ. నెల రోజులు పగలు తిండీ నీళ్ళూ లేకుండా ఉండి, నిన్నటితో ముగించాం. లిఫ్టులో అందరూ అడిగే ప్రశ్నకి ఇక్కడే జవాబు చెప్పేస్తున్నాను. అవును, నీళ్ళు కూడా తాగం. పొద్దున నమాజుకి వెళ్ళే ముందు ప్రతి మనిషి తరఫునా కొంత ధాన్యం గానీ దాని డబ్బు గానీ లేనివాళ్ళకి ఇవ్వాలి. దాన్ని ఫిత్రా అంటాం. ఊళ్ళో ఎవరూ పండగ రోజు పస్తుండకూడదని. అది ఇచ్చాకే మా పండగ మొదలవుతుంది.

నిన్న మనలో పదిహేను మంది ఇక్కడే నిలబడి చంద్రుణ్ణి చూశాం. మీ ఉగాది, మా ఈద్ ఒకే అమావాస్య తర్వాత వచ్చాయి. ఇలా ఎప్పుడూ రావు. మా సంవత్సరం 354 రోజులే కాబట్టి మా పండగ ఏటా పది, పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. మీ పంచాంగం రెండున్నర, మూడేళ్ళకోసారి అధిక మాసం వేసుకుని సర్దుకుంటుంది. మాకు ఆ సర్దుబాటు లేదు. వచ్చే ఏడాది కూడా రెండూ పక్కపక్కనే వస్తాయి. ఆ తర్వాత విడిపోతాయి. మళ్ళీ కలవడానికి ముప్ఫై ఏళ్ళ పైనే పడుతుంది. కాబట్టి వచ్చే ఏడాది కూడా ఇదే టెర్రస్ బుక్ చేస్తున్నాను. సెక్రటరీ అంకుల్, రెండు తేదీలు రాసుకోండి.

ఇక అసలు విషయం. కుడివైపు రెండు బల్లలూ పూర్తిగా శాకాహారం. ఆ వంట వేరే గిన్నెల్లో, వేరే పొయ్యి మీద జరిగింది. గరిటెలు కూడా కొత్తవి. చివర ఉన్న చిన్న గిన్నెలో సేమియా లేదు, నవరాత్రి ఉపవాసం ఉన్నవాళ్ళ కోసం. ఎడమవైపు దూరంగా ఉన్న బల్ల మీద మటన్ బిర్యానీ. తినేవాళ్ళు తినండి, తినని వాళ్ళని ఎవరూ బలవంతం చేయరు. అసలేమీ తినకుండా కూర్చుని మాట్లాడి వెళ్ళినా మాకు సంతోషమే.

చివరిగా ఒకటి. పోయినేడాది ఈ నెలలో మా కుక్కర్ తెల్లవారుజామున నాలుగింటికి విజిల్ వేసి కొందరిని లేపింది. మాకు ముందే తోచాల్సింది. క్షమించండి. ఈ ఏడాది వినపడలేదు కదా? ఇకమీదట మా వల్ల ఏ ఇబ్బంది ఉన్నా 304 తలుపు కొట్టండి. ఏ టైముకైనా తీస్తాం. ఆ టైములో మేం ఎలాగూ మెలకువగానే ఉంటాం.

ఈద్ ముబారక్. రండి, తిందాం."

రెండు నిమిషాల యాభై సెకన్లు. ఇంట్లో ఫోన్‌లో పెట్టి చూసుకున్నప్పుడు అంతే వచ్చింది. టెర్రస్ మీద కాస్త ఎక్కువే పట్టింది, నీళ్ళ మాట దగ్గరా లిఫ్టు మాట దగ్గరా నవ్వారు కాబట్టి. కుక్కర్ మాట దగ్గర మాత్రం ఎవరూ నవ్వలేదు. ఒక్క క్షణం నిశ్శబ్దం. కాగితంలో ఆ 'కొందరిని' అన్న మాట నేనే రాశానని అప్పుడు గమనించాను. సంవత్సరం పాటు నన్ను కుట్టిన మాటని అనుకోకుండా నేనే వాడాను. దాన్ని 'చాలామందిని' అనో 'మీ అందరినీ' అనో రాసి ఉండాల్సింది. మూడు వారాలు దిద్దినా అది నా కంటికి కనబడలేదు.

మరో పొరపాటు కూడా జరిగింది. నేను మాట్లాడేంతసేపట్లో షీర్ ఖుర్మా చల్లారి ముద్దలా గట్టిపడింది. సేమియా పాలు తాగేస్తుంది. అమ్మ రెండు లీటర్ల వేడి పాలు ఫ్లాస్కుల్లో దాచబట్టి సరిపోయింది, కలిపి మళ్ళీ పలచన చేసింది. పొడవాటి ఉపన్యాసాలకి వ్యతిరేకంగా ఇంతకన్నా గట్టి వాదన నాకు తెలీదు.

తర్వాత అన్నీ మామూలుగా జరిగాయి. యూపీ వాళ్ళ పాప మా జేజి ఒళ్ళో నిద్రపోయింది. నాలుగో అంతస్తు తమ్ముడు "సోమవారం కదా" అని రెండుసార్లు అనుకుని, మూడోసారి బిర్యానీ బల్ల దగ్గరికి వెళ్ళాడు. 501 ఆంటీ దాల్చాలో ఏమేం వేశారో అమ్మని అడిగి ఫోన్‌లో రాసుకున్నారు. 302 అక్క నా పక్కకొచ్చి "ఈసారి ఎవరూ తిరిగి నన్ను చూడలేదు" అని మాత్రం అంది.

మాస్టారు రాలేదు. ఆయన భార్య ఒక్కరే వచ్చారు. కాసేపు జేజి దగ్గర కూర్చున్నారు. మోకాళ్ళ నొప్పులకి మెట్లెక్కలేక ఆయన రాలేదన్నారు. నిజం కావచ్చు, కాకపోవచ్చు. నేను అడగలేదు. వెళ్ళేటప్పుడు అమ్మ స్టీలు డబ్బాలో షీర్ ఖుర్మా పోసి, శాకాహారం బల్ల మీదిదే అని రెండుసార్లు చెప్పి ఇచ్చింది.

రాత్రి గిన్నెలు కడుగుతూ నేను కాస్త డల్‌గానే ఉన్నాను. అంత రాసిందీ ఎవరి కోసమో ఆయనే వినలేదు. జేజి కనిపెట్టింది.

"విదియ నాడు కనపడని చంద్రుడు తదియ నాడు తనే కనపడతాడు. పోయి పడుకో" అంది.

మంగళవారం సాయంత్రం నేను ఆఫీసు నుంచి వచ్చేసరికి లిఫ్టు దగ్గర మాస్టారు నిలబడి ఉన్నారు. చేతిలో మా స్టీలు డబ్బా. నన్ను చూసి ఒక్క క్షణం తడబడ్డారు. "మీ ఇంటికే వస్తున్నా. మా ఆవిడ ఇచ్చి రమ్మంది" అని డబ్బా నా చేతిలో పెట్టారు. బరువుగా ఉంది. ఖాళీ గిన్నె తిరిగి ఇవ్వకూడదు కదా. తెరిచి చూస్తే ఉగాదికి చేసిన బొబ్బట్లు, నాలుగు.

"పాయసం బాగుంది. ఖర్జూరం వేస్తే పాలు విరగలేదా?" అని అడిగారు.

"నేతిలో వేయించి చివర్లో వేస్తారు సార్" అన్నాను.

"ఓహో" అన్నారు. లిఫ్టు వచ్చింది. ఆయన రెండో అంతస్తులో దిగారు, నేను మూడో అంతస్తులో. కుక్కర్ మాట ఆయనా ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. దిగేటప్పుడు మాత్రం నేను నమస్కారం పెట్టాను, ఆయన తిరిగి పెట్టారు.